ఓపెన్ పీఓలో రేటు ఏ తారీఖుది? లారీ గేటు దాటిన రోజుదా, జీఆర్ఎన్ పడ్డ రోజుదా?

జడ్చర్ల_డబ్బాలు
మాది జడ్చర్ల దగ్గర చిన్న అట్టపెట్టెల యూనిట్. ఒక మందుల కంపెనీకి ఐదు ప్లై షిప్పర్లు వేస్తున్నం. పేరు అడగొద్దు, ఇంకా వాళ్లతోనే బతకాలె.

ఏప్రిల్‌ల ఏడాదికి ఓపెన్ పీఓ ఇచ్చిండ్రు. మొత్తం 1,20,000 డబ్బాలు, పీఓ గడువు మార్చి 31 దాక. రేటు మాత్రం డబ్బాకు 41.60, సెప్టెంబర్ 30 దాకనే. తర్వాత క్రాఫ్ట్ పేపర్ కిలోకు 2 రూపాయలు తగ్గింది, కూసొని మాట్లాడుకొని అక్టోబర్ 1 నుంచి 40.00 అనుకున్నం. దానికి నేను ఒప్పుకున్న, గొడవ దాని మీద కాదు.

సెప్టెంబర్ 18న షెడ్యూల్ మెయిల్ వచ్చింది: 8,000 డబ్బాలు, 29 లోపల చేరాలె. 29నే లారీ పోయింది. గేటు దగ్గర ఇన్‌వర్డ్ ముద్ర ఆ రోజుదే, సరుకు దింపుకున్నది ఆ రోజే. లోపల స్టాక్ లెక్కింపు నడుస్తుందని, సరుకు ముట్టిందని సిస్టమ్‌ల రాసే జీఆర్ఎన్ అక్టోబర్ 3న కొట్టిండ్రు. ఇప్పుడు బిల్లుల డబ్బాకు 1.60 కోసిండ్రు. జీఎస్టీ కాక 12,800. పైనుంచి క్రెడిట్ నోట్ ఇయ్యిమంటున్నరు.

ఇంకోటి. 1,20,000 అన్నరు కద, ఆరు నెలలల్ల తీస్కున్నది 41,000. నేను నెలకు 10,000 లెక్కన పేపర్ తెచ్చి పెట్టుకున్న. దానికి ఎవరు జవాబు?

మిర్యాలగూడ_రైస్
మా మిల్లుకు సంచులు కూడా ఏడాదికి మాట్లాడుకుంటం అన్నా. పీఓ గీఓ ఏం లేదు, ఫోన్ల చెప్తం, ఆయన పంపుతడు. సీజన్ల రేటు పెరిగితే ఆయన ఫోన్ ఎత్తడు, గంతే.

చౌటుప్పల్_చిన్నోడు
ఇందులో అంత ఆలోచించేదేముంది? పీఓ మీద ఏ రేటుంటే అదే రేటు. పీఓ ఏప్రిల్‌ది, 41.60. రేటు మారాలంటే కొత్త పీఓ ఇవ్వాలి. కట్ చేసే హక్కు వాళ్లకు లేదు.

శాద్‌నగర్_ఎంఎం
@చౌటుప్పల్_చిన్నోడు మామూలు పీఓ అయితే నువ్వు చెప్పింది దాదాపు కరెక్టే తమ్మీ. ఇది మామూలు పీఓ కాకపోవచ్చు.

@జడ్చర్ల_డబ్బాలు వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ శాప్ అయితే పీఓ నంబరు దేంతో మొదలైందో చూడండి. 45 అయితే మామూలు పీఓ, 46 అయితే కాంట్రాక్టు, 55 అయితే షెడ్యూలింగ్ అగ్రిమెంట్. నంబర్లు మార్చుకున్న కంపెనీలూ ఉన్నాయి, కానీ ఎక్కువ చోట్ల ఇవే.

జడ్చర్ల_డబ్బాలు
55. పైన మాత్రం పర్చేజ్ ఆర్డర్ అనే ప్రింట్ అయింది.

శాద్‌నగర్_ఎంఎం
అనుకున్నా. ఫారం మీద ఏం ప్రింటైనా లోపల అది షెడ్యూలింగ్ అగ్రిమెంటే. మీ 12,800 పోయింది అక్కడే.

ఓపెన్ పీఓ అని మనం అందరం ఒకే మాట వాడతాం గానీ లోపల దారులు వేరు. 46 కాంట్రాక్టయితే ప్రతిసారీ దాని కింద విడిగా ఒక పీఓ తీస్తారు. ఆ పీఓ తీసినప్పుడే రేటు కాంట్రాక్టు నుంచి దిగి అందులో కూర్చుంటుంది. మీకు సెప్టెంబర్ 18న అలాంటి పీఓ వచ్చి ఉంటే 41.60 దాని మీదే అచ్చయి ఉండేది, సాధారణంగా సరుకు అక్టోబర్‌లో పోయినా అదే నడిచేది.

55లో విడి పీఓ ఉండదు. అగ్రిమెంట్ కిందే తారీఖు, పరిమాణం అని గీతలు పడతాయి, అంతే. మీకొచ్చిన మెయిల్‌లో 8,000, 29వ తారీఖు ఉన్నాయి కదా, రేటు ఉందా? ఉండదు. రేటు పక్కన వేరే పట్టికలో ఉంటుంది: ఫలానా తారీఖు నుంచి ఫలానా తారీఖు దాకా 41.60, తర్వాత 40.00. స్టోర్స్‌లో సరుకు ఎంట్రీ కొట్టినప్పుడు సిస్టమ్ ఆ ఎంట్రీ తారీఖు పట్టుకుని ఈ పట్టికలోకి వెళ్తుంది. అక్టోబర్ 3 కనబడింది, 40.00 తీసుకుంది. ఎవరూ కావాలని కోయలేదు. బిల్లు 41.60తో వచ్చేసరికి ఫైనాన్స్‌లో తేడా చూపించి ఉంటుంది, ఆ తేడా మీ మీద వేశారు.

స్టోర్స్_బాబు_కొత్తూరు
స్టోర్స్ మీదకు వస్తుందని తెలుసు, అందుకే రాస్తున్నా 😄

మేము సరుకు ఎంట్రీ కొట్టే MIGO స్క్రీన్‌లో రెండు తారీఖులుంటాయి. ఒకటి డాక్యుమెంట్ తారీఖు, రెండోది పోస్టింగ్ తారీఖు. చాలామంది పిల్లలు మొదటిదాంట్లో చలాన్ తారీఖు వేసి, రెండోది ముట్టుకోరు. అది ఆ రోజు తారీఖే చూపిస్తూ ఉంటుంది. రేటు తీసేది రెండోదాన్ని బట్టి.

అక్టోబర్ 3న కూర్చుని కూడా పోస్టింగ్ తారీఖు 29 సెప్టెంబర్ అని వేయొచ్చు, ఆ నెల ఇంకా మూయకపోతే. కానీ లెక్కింపు నడుస్తున్నప్పుడు ఆ ఐటెంను పోస్టింగ్‌కు లాక్ చేస్తారు. లెక్కింపు అయ్యాక పాత తారీఖుతో 8,000 లోపలికి తెస్తే లెక్కించిన స్టాకుకూ పుస్తకానికీ తేడా వస్తుంది, ఆడిటర్ అడుగుతాడు. అందుకే ఎవరూ వెనక్కి వేయరు. మా తప్పు అని కాదు, మాకు అదే చెప్తారు.

జడ్చర్ల_డబ్బాలు
బాబూ, మీ ఆడిటర్ అడిగినందుకు నా పైసలు పోవాల్నా?

స్టోర్స్_బాబు_కొత్తూరు
పోవాలని అనలే అన్నా. ఎట్లా పోయిందో చెప్పిన.

ఇంకో సంగతి. కొన్ని మందుల కంపెనీల్లో గేటు దగ్గర ముందు 103 అని కొడతారు, క్యూసీ పాసయ్యాక 105. 103 కొట్టినప్పుడు సరుకు వచ్చినట్టు కనబడుతుంది గానీ విలువ పడదు. విలువ 105 రోజే. అలాంటి చోట స్టాక్ లెక్కింపు లేకపోయినా నెలాఖరు సరుకు వచ్చే నెల రేటులోకి జారుతుంది. మీ జీఆర్ఎన్ కాపీ మీద మూవ్‌మెంట్ టైప్ 101 ఉందా 105 ఉందా చూడండి.

నల్గొండ_లెక్కలు
ఎంఎస్ఎంఈ చట్టం ఉంది కదా! సరుకు నిజంగా చేతికిచ్చిన రోజే డెలివరీ రోజు అని అందులో స్పష్టంగా ఉంది. 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. జీఆర్ఎన్ ఎప్పుడు కొట్టుకుంటే ఏంటి, 29 అంటే 29. ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేసేయండి.

పాత_పర్చేజ్
@నల్గొండ_లెక్కలు అది డబ్బు ఎప్పటిలోగా కట్టాలో లెక్కపెట్టడానికి. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటొద్దు అనే లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఏ రేటు అనేది ఆ చట్టం చెప్పదు. రేటు పీఓ షరతుల్లో ఉన్నదాన్ని బట్టే.

నేను ఇరవై ఏళ్లకు పైగా అవతలి కుర్చీలో కూర్చున్నవాణ్ణి. @జడ్చర్ల_డబ్బాలు, పీఓ వెనక షరతులు చదివి ఒక్క వాక్యం ఇక్కడ పెట్టండి. రేటు ఏ రోజుది అన్నదాని మీద ఏమని ఉంది?

జడ్చర్ల_డబ్బాలు
కండ్లజోడు పెట్టుకొని చదివిన. "మా స్టోర్స్‌కు సరుకు అందిన తేదీన అమలులో ఉన్న ధర" అనే అర్థం వచ్చేటట్టు ఇంగ్లీషుల ఉంది. జీఆర్ఎన్ అనే మాట ఎక్కడా లేదు.

పాత_పర్చేజ్
అయితే మీ కేసు గట్టిదే. అందిన తేదీ అంటే గేటు ముద్ర, దింపుకున్న సంతకం. లోపల కంప్యూటర్‌లో ఎప్పుడు రాసుకున్నారన్నది వాళ్ల ఇంటి పని. గేటు రిజిస్టర్ కాపీ, మీ డెలివరీ చలాన్ మీద వాళ్ల సంతకం, ఈ-వే బిల్లు, మూడూ కలిపి పర్చేజ్‌కు పంపండి. ఫైనాన్స్‌కు కాదు. ఫైనాన్స్ వాళ్లకు స్క్రీన్ మీద 40.00 మాత్రమే కనబడుతుంది.

క్రెడిట్ నోట్ మాత్రం ఇప్పుడే ఇవ్వొద్దు. ఇస్తే మీరే ఎక్కువ బిల్లు వేశానని ఒప్పుకున్నట్టు.

శాద్‌నగర్_ఎంఎం
పాత_పర్చేజ్ గారు చెప్పినదానికి తోక. వాళ్లు ఒప్పుకుంటే సిస్టమ్‌లో సరిచేయడం పెద్ద పనేం కాదు. జీఆర్ఎన్ రద్దు చేసి మళ్లీ కొట్టమని అడగకండి, ఆ డబ్బాలు ఈపాటికి వాడేసి ఉంటారు, సెప్టెంబర్ మూసేసి ఉంటారు. అదే జీఆర్ఎన్ మీద, బిల్లులు ఎక్కించే MIRO స్క్రీన్‌లో సబ్సిక్వెంట్ డెబిట్ అని 12,800 వేయొచ్చు, పరిమాణం కదలదు, విలువ మాత్రమే కలుస్తుంది. "అది వేయండి సార్" అని పేరు పెట్టి అడగండి. పేరు చెప్పకపోతే కుదరదనేస్తారు.

కొనేవాడు_కూడా_మనిషే
ఒక్క ప్రశ్న. వచ్చే ఏప్రిల్‌లో పేపర్ పెరిగి రేటు 43 అయ్యిందనుకోండి. మార్చి 30న వచ్చిన లారీకి జీఆర్ఎన్ ఏప్రిల్ 2న పడి, సిస్టమ్ 43 ఇస్తే మీరు ఫోన్ చేసి "సార్, గేటు తారీఖు మార్చిది, తగ్గించండి" అంటారా?

మిర్యాలగూడ_రైస్
🤣🤣 గుండెల మీద చెయ్యేస్కొని చెప్పు అన్నా

జడ్చర్ల_డబ్బాలు
రెండు దిక్కులా గేటు తారీఖే అని రాసిస్త. సంతకం పెడ్త. మీ వాళ్లు పెడ్తరా?

కొనేవాడు_కూడా_మనిషే
గేటు తారీఖు అని రాస్తే ఇంకో ఆట మొదలవుతుంది. రేటు తగ్గబోతుందని తెలిస్తే అందరూ 29న, 30న లారీలు తెచ్చి గేటు ముందు నిలబెడతారు, పెరగబోతుందంటే 1వ తారీఖు దాకా ఎవడూ రాడు. మా దగ్గర ఇది జరిగింది. అందుకే మేము షెడ్యూల్‌లో ఏ తారీఖు అడిగామో ఆ తారీఖు రేటు అని మార్చుకున్నాం. ముందొచ్చినా వెనకొచ్చినా అదే.

శాద్‌నగర్_ఎంఎం
అది మంచి పద్ధతే, కానీ సిస్టమ్ దానంతట అది చేయదు. మీ దగ్గర ఎవరో చేత్తో సరిచేస్తుంటారు.

కొనేవాడు_కూడా_మనిషే
అవును, నేనే 😐 నెలకోసారి ఎక్సెల్.

చౌటుప్పల్_చిన్నోడు
ఇక్కడ నాదో అనుమానం. షెడ్యూల్ తారీఖు వాళ్లు మార్చేస్తే? మాకు ఒకసారి 20 అన్నది 26 అయింది. పాత మెయిల్ చూపిస్తే మా సిస్టమ్‌లో 26 ఉంది అన్నారు.

శాద్‌నగర్_ఎంఎం
జరుగుతుంది. షెడ్యూలింగ్ అగ్రిమెంట్‌లో రెండు రకాలున్నాయి. LP రకం అయితే ME38లో ఆ గీత మీదే తారీఖు దిద్దుతారు, మీకు పంపిన షెడ్యూల్ అప్పుడు ఎలా ఉందో అలా ఎక్కడా నిలబడదు. LPA రకం అయితే షెడ్యూల్ పంపిన ప్రతిసారీ ఒక రిలీజ్ నంబరు పడుతుంది, ఆ రోజు పంపిన పరిమాణం, తారీఖు అలాగే దాచి ఉంటాయి. మీ మెయిల్‌లో రిలీజ్ నంబరు ఉందా లేదా చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. నంబరు లేకపోతే మీకున్న రుజువు మీ మెయిలే. పీడీఎఫ్‌లన్నీ నెలవారీ ఫోల్డర్లో పెట్టుకోండి, వాట్సాప్‌ను నమ్ముకోకండి.

చౌటుప్పల్_చిన్నోడు
మా దానికి నంబరు లేదు. ఇప్పుడర్థమైంది.

ఇంకో తలనొప్పి చెప్తా. మేము 8,000 పంపితే 600 రిజెక్ట్ చేశారు, ఫ్లాప్ దగ్గర పగిలిందని. మా పుస్తకంలో ఆ నెల షెడ్యూల్ అయిపోయింది. వాళ్ల దాంట్లో మొత్తం అందింది 7,400 అని నిలిచింది. పై నెల షెడ్యూల్‌తో పాటు ఈ 600 పాత బాకీ అని ఎర్రగా వస్తుంది. మేమేమో అది కొత్త ఆర్డర్ అనుకుని సంతోషపడ్డాం. చివరికి మార్కు మాత్రం ఆలస్యం కింద పోయింది.

స్టోర్స్_బాబు_కొత్తూరు
నెలకోసారి ఏప్రిల్ నుంచి మొత్తం ఎంత అందిందో మా అంకె, మీ అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క నెల అంకె చూస్తే ఇది దొరకదు.

జడ్చర్ల_డబ్బాలు
నా రెండో ప్రశ్న అందరూ మర్చిండ్రు. 1,20,000 సంగతి?

కొనేవాడు_కూడా_మనిషే
అది అంచనా మాత్రమే. మందు అమ్ముడుపోకపోతే డబ్బాలు కొని ఏం చేసుకుంటాం? టార్గెట్ క్వాంటిటీ అంటే కొంటామని మాట ఇచ్చినట్టు కాదు.

కోర్టు_మెట్లు_నల్గొండ
దీని మీద పాత సుప్రీంకోర్టు తీర్పు ఉంది, 1966 ఏఐఆర్‌లో 1724వ పేజీ, యూనియన్ ఆఫ్ ఇండియా వర్సెస్ మద్దాల తాతయ్య. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రైల్వే వాళ్లు తమ ధాన్యం దుకాణాలకు 14,000 మణుగుల బెల్లం కావాలన్నారు, విడతలవారీగా ఇవ్వమని తారీఖులు ఇచ్చారు. మధ్యలో మిగతాది వద్దన్నారు. టెండర్‌లో "ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు" అని షరతు ఉంది కాబట్టి తప్పేం లేదన్నారు.

కోర్టు ఏమందంటే: ఇంకా ఆర్డర్ పెట్టని పరిమాణానికి ఆ షరతు పనిచేస్తుంది. కానీ ఇంత సరుకు, ఈ తారీఖుకు అని ఆర్డర్ పెట్టేశాక అంతవరకు అది కట్టుబడాల్సిన ఒప్పందమే, ఆ షరతు చూపించి తప్పించుకోలేరు. సప్లయర్ ఇవ్వాలి, వాళ్లు తీసుకోవాలి.

అంటే అన్నా, మీ 41,000కు షెడ్యూల్ వచ్చింది కాబట్టి అది గట్టి. మిగతా 79,000కు తారీఖు రాలేదు, దాని మీద పట్టు తక్కువ. పీఓలో కనీసం ఇంత కొంటామని విడిగా రాసి ఉంటే వేరే సంగతి.

మిర్యాలగూడ_రైస్
బెల్లం కోసం సుప్రీంకోర్టు దాక పోయిండ్రా! మా సంచులాయన ఇది చదవకుండా చూడాలె.

జడ్చర్ల_డబ్బాలు
కోర్టుకు పోయే ఓపిక నాకు లేదు, పోతే ఆ కంపెనీ గేటు మళ్లీ తెరుచుకోదు. పేపర్ మాత్రం గోదాంల ఉంది, దాని మీద బ్యాంకు వడ్డీ నడుస్తనే ఉంది.

పాత_పర్చేజ్
కోర్టు వద్దు. వచ్చే ఏడాది పీఓలో రెండు జోన్లు అడగండి, ఆటోమొబైల్ వాళ్ల దగ్గర ఇది మామూలే.

ప్రతి నెల మొదట్లో వాళ్లు నాలుగు నెలల అంచనా ఇస్తారు. మొదటి నెలది గట్టిది, అంటే తయారుచేసిన డబ్బా ఎలాగైనా వాళ్లదే. రెండో నెలకు పేపర్ కొనుక్కోండి అని మాత్రమే అనుమతి, డబ్బా చేయొద్దు. మూడు, నాలుగు నెలలు ఊరికే తెలియడానికి. శాప్‌లో ఈ రెండు జోన్లకు రోజులు పెట్టుకునే చోటు అగ్రిమెంట్‌లోనే ఉంది, చాలామంది ఖాళీగా వదిలేస్తారు.

మీ అంకెలతోనే చూడండి. సెప్టెంబర్ మొదట్లో సెప్టెంబర్‌కు 8,000, అక్టోబర్‌కు 10,000 అన్నారనుకుందాం. 10,000కు మీరు పేపర్ తెచ్చారు. అక్టోబర్ మొదట్లో దాన్ని 4,000కు తగ్గించారు. డబ్బాకు ఎంత పేపర్ పడుతుంది మీకు?

జడ్చర్ల_డబ్బాలు
డబ్బా తూకం 800 గ్రాములు. వేస్టేజీ కలిపితే 840.

పాత_పర్చేజ్
అంటే 6,000 డబ్బాల పేపర్, 5,040 కిలోలు మిగిలింది. పై రెండు నెలల్లో ఆ పేపర్ ఖర్చయ్యేంత డబ్బాలు తీసుకుంటారు, లేదా తేడా కట్టిస్తారు. అలా రాయించుకోవాలి.

కానీ నేను అవతలి కుర్చీలో ఉండగా ఒకటి అడిగేవాణ్ణి, మిమ్మల్నీ అడుగుతారు: మామూలు క్రాఫ్ట్ రీలును ఇంకో పార్టీ డబ్బాకు వాడుకోలేవా? వాడుకోగలిగితే నష్టం లేదుగా? కాబట్టి వాళ్ల కోసమే తెప్పించిన జీఎస్ఎం, బీఎఫ్, రీలు వెడల్పు అయితేనే ఇది నిలుస్తుంది. ప్రింటైన డబ్బాలకు మాత్రం ఈ వాదన పనికిరాదు. పేరు అచ్చయ్యాక దాన్ని ఎవరు కొంటారు?

చౌటుప్పల్_చిన్నోడు
మాకు ఆర్ట్‌వర్క్ మారింది సార్. ఒక అడ్రస్ లైను మార్చారు, ప్రింటుకు కొత్త స్టీరియో అచ్చు చేయించాం, పాత ప్రింటు డబ్బాలు తుక్కు కిందకు పోయాయి. గట్టి నెలలో ఉన్నవే. ఏమీ ఇవ్వలేదు.

పాత_పర్చేజ్
గట్టి నెలవి అయితే అడగాల్సింది. ఆర్ట్‌వర్క్ మార్పు మెయిల్ వచ్చిన రోజే చేతిలో ఉన్న స్టాకు ఎంతో లెక్క రాసి పంపాలి. నెల తర్వాత చెప్తే నమ్మరు.

కొనేవాడు_కూడా_మనిషే
ఆగండి, 800 గ్రాములా 840నా? పేపర్ 2 తగ్గితే 800 మీద 1.60 తగ్గించారు. వేస్టేజీ కలిపితే 1.68 తగ్గాలి కదా 😏

జడ్చర్ల_డబ్బాలు
అయ్యో అది మాట్లాడుకున్నప్పుడు మీరు లేరు లెండి, మంచిగైంది.

నల్గొండ_లెక్కలు
తగ్గేటప్పుడు 800, పెరిగేటప్పుడు 840. ఇదే మన లెక్క 😂

పాత_పర్చేజ్
నవ్వులాట పక్కన పెట్టి, ఏ తూకం మీద లెక్కో పీఓలో రాసుకోండి. లేకపోతే ఏప్రిల్‌లో దీని మీదే కొట్టుకుంటారు. పేపర్ రేటు ఎవరిది చూడాలన్నది కూడా. మీ మిల్లు బిల్లా, వాళ్లు తెచ్చిన కొటేషనా?

జడ్చర్ల_డబ్బాలు
ఇయ్యాల పోయొచ్చిన. గేటు రిజిస్టర్ కాపీ, చలాన్, ఈ-వే బిల్లు ఇచ్చిన. జీఆర్ఎన్ మీద 101 ఉంది, 105 కాదు. పర్చేజ్ ఆయన మంచిగనే విన్నడు. సబ్సిక్వెంట్ డెబిట్ అని నేను అనేసరికి నా మొఖం దిక్కు చూసిండు 😀 "ఫైనాన్స్‌ను అడిగి చెప్త" అన్నడు. క్రెడిట్ నోట్ ఇయ్యలే. జోన్ల సంగతి తీస్తే "మా టెంప్లేట్‌ల లేదు" అన్నడు.

శాద్‌నగర్_ఎంఎం
టెంప్లేట్‌లో లేకపోతే అగ్రిమెంట్ టెక్స్ట్‌లో రాసివ్వమనండి. సిస్టమ్ దాన్ని పట్టించుకోదు గానీ కాగితం మీద ఉంటుంది.

కోర్టు_మెట్లు_నల్గొండ
అడిగేది మెయిల్‌లో అడగండి. ఆయన నోటితో చెప్పింది ఆయన ట్రాన్స్‌ఫర్ అయితే పోతుంది.

మిర్యాలగూడ_రైస్
నాదొక్కటి చెప్పుండ్రి. నేను కొనేటోన్ని కద. టాలీల ఒకే పీఓ కింద పది తారీఖులేసి సంచులకు షెడ్యూల్ పెట్టొచ్చా, రేటు మధ్యల మారితే ఎట్ల?

నల్గొండ_లెక్కలు
ఐటెం కింద డ్యూ తారీఖు, పరిమాణం, రేటు వరుసగా వేసుకోవచ్చు. రేటు మారితే మిగిలిన వరుసలు చేత్తో దిద్దుకోవాలి, తారీఖును బట్టి దానంతట అది మారదు. అంతకంటే రేటు మారిన రోజు పాత పీఓ మిగులు మూసేసి కొత్తది పెట్టుకోవడం సుఖం. ముందు నీ సంచులాయన ఫోన్ ఎత్తుతాడో లేదో చూసుకో.